ఆంగ్ల పదబంధక్రియలు : తెలుగుసేతలో వాని గతి

ఆంగ్లమునుండి తెలుగు చేయువారిని తొట్రుపఱచునవి పెద్ద మాటలని సామాన్యముగా తలపబడుచున్నది. మా యనుభవము దీనికి విరుద్ధము. 'రిజెక్ట్' అను క్రియ యెదురైనచో విద్యార్థి నిఘంటువు తెఱచి చూచును. 'తిరస్కరించు' అని వ్రాసి ముందునకు సాగును. 'టర్న్ డౌన్' ఎదురైనచో నిఘంటువు తెఱవడు. 'టర్న్' అనగా త్రిప్పుట యని యతనికి తెలియును. 'డౌన్' అనగా క్రిందికి అని అంతకంటె బాగుగా తెలియును. తెలిసిన మాటలు రెండు కలిసి తెలియని మాట యొకటి యైనదను శంక యతనికి కలుగదు. అందుచేతనే 'కార్యవర్గము మా ప్రతిపాదనను క్రిందికి త్రిప్పినది' అను వాక్యము కాగితముపై కెక్కుచున్నది. ఈ పొరపాటు అజ్ఞానమువలన కాక, తెలియునను ధీమావలన పుట్టినది.

ఈ చిక్కు ఆంగ్లేయులకును క్రొత్తగాదు. డాక్టర్ శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువును వెలువరించుచు, క్రియకు చిన్న అవ్యయము చేరి యర్థమును పూర్తిగా మార్చివేయు నీ కూడికలు పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని పీఠికలోనే గుర్తించెను. వీనికి నేడు వాడుకలో నున్న పేరు, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ప్రకటించిన గ్రంథము ద్వారా ప్రచారమునకు వచ్చినది. ఆ పేరు తనకు సూచించినది ఆక్స్‌ఫర్డు నిఘంటు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ యని స్మిత్ చెప్పుకొనెను. మేము వీనిని పదబంధక్రియలని వ్యవహరించుచున్నాము.

మన వ్యాకరణ సంప్రదాయము నెఱిగినవారికి ఇట్టి సంయోగములు వింత గొలుపవు. సంస్కృతమున 'హృ' ధాతువు ఉపసర్గల చేరికచే ఆహారము, విహారము, సంహారము, పరిహారము అను విభిన్నార్థముల నొసగుట బాలవ్యాకరణ విద్యార్థియు నెఱిగినదే. తెలుగున శబ్దపల్లవములు కలవు. 'మేలుకొను' అనగా మేలును కొనుట కాదు. 'కనుగొను' అనగా కంటిని కొనుట కాదు. ఈ సామ్యమును చూచి కొందఱు ఆంగ్ల పదబంధక్రియయే ఆంగ్లపు శబ్దపల్లవమని వ్రాయుచున్నారు. బోధనకు ఇది కొంత యుపకరించునుగాని, పోలికను అంతవఱకే నిలుపవలెను. ఉపసర్గ ధాతువునకు ముందు చేరి విడివడక నిలుచును. శబ్దపల్లవమున పూర్వపదము సామాన్యముగా క్రియకు ముందే యుండి దానితో నొక్కటియగును. ఆంగ్లమున అవ్యయము క్రియకు వెనుక వచ్చును; అంతటితో నాగక క్రియనుండి దూరముగా జరిగి, నడుమ కర్మపదమునకు చోటిచ్చును. అనువాదకుని కన్ను మోసపోవునది ఈ దూరముననే. 'టర్న్' ఒక చోటను, 'డౌన్' ఆఱేడు మాటల కావలను ఉన్నప్పుడు, రెండును ఒకే క్రియ యని గుర్తించుట చదువరి బాధ్యత యగుచున్నది.

కావున మొదట తేల్చుకొనవలసినది తెలుగు మాట కాదు. ఎదుటనున్నది నిజముగా పదబంధక్రియయేనా అను విషయము. దీనికొక పరీక్ష కలదు. కర్మపదమునకు మాఱుగా సర్వనామము నుంచి చూడవలెను. 'హి టర్న్‌డ్ డౌన్ ది ఆఫర్' అను వాక్యమున సర్వనామము నుంచినచో 'హి టర్న్‌డ్ ఇట్ డౌన్' అగును. సర్వనామము నడుమకు వచ్చి తీరవలెను. 'హి టర్న్‌డ్ డౌన్ ది లేన్' అను వాక్యమున నిట్లు చేయ వీలులేదు. ఇచట 'డౌన్' క్రియతో కలిసినది కాదు, సందుతో కలిసినది. కనుక 'అతడు సందులోనికి మళ్లెను' అనుటయే సరి. రెండు వాక్యములును చూపునకు కవలపిల్లలవలె నున్నను, మొదటి దానిలో దిక్కు లేదు, రెండవదానిలో దిక్కే యున్నది. చెవికి మఱియొక గుర్తు కూడ కలదు: పదబంధక్రియలో అవ్యయము ఊనిక నందుకొనును, విభక్తి స్థానీయమైన చిన్న మాట సామాన్యముగా తేలికగా పలుకబడును. అయితే ఈ పరీక్ష సార్వత్రికము కాదు. 'పుట్ అప్ విత్' వంటి మూడు పదముల కూడికలో సర్వనామము ఎల్లప్పుడును చివరనే యుండును. అట్టివానిని అర్థముచేతను, వాక్యమున వాని నడవడిచేతను గుర్తింపవలసినదే.

ఇక 'టర్న్ డౌన్' నే తీసికొని కొంత దూరము పోవుదము. దీని కర్మ దీపమైనచో తెలుగున 'తగ్గించు' అందుము; రేడియో ధ్వనియైనను అంతియే. కర్మ దుప్పటి యంచో, పుస్తకపు పుట మూలయో యైనచో 'మడుచు' అందుము. ఈ రెండవచోట 'డౌన్' తన సహజార్థమును కొంత నిలుపుకొనియే యున్నది. కావున పదబంధక్రియలో అవ్యయమున కెన్నడును సొంత యర్థ ముండదని సూత్రము చేయుట కూడ తప్పే. కర్మ ప్రతిపాదనయో, దరఖాస్తో, మనుష్యుడో యైనప్పుడు మాత్రమే నిరాకరణార్థము వచ్చును. ఆంగ్లేయుడు ఒక క్రియతో గడుపుకొను పనిని తెలుగువాడు కర్మను చూచి మూడు క్రియలకు పంచి యిచ్చుచున్నాడు. కర్మను చూడక క్రియను వెదకుట, కొలత తీయక చొక్కా కుట్టుట వంటిది.

నిరాకరణార్థమని తేలిన తరువాత పని ముగియునా? ఇచటనే రెండవ జాతి దోషము, మొదటిదానికంటె సూక్ష్మమైనది, ప్రవేశించుచున్నది. 'క్రిందికి త్రిప్పెను' అని వ్రాసినవానిని అందఱును నవ్వుదురు. కనుక వాడు త్వరలోనే దిద్దుకొనును. ఎల్లెడల 'తిరస్కరించెను' అని వ్రాసిన వానిని ఎవరును నవ్వరు. కనుక వాడు దిద్దుకొనడు. 'తిరస్కరించు' సంస్కృత సమము. 'తిరస్' అనుదానికి అడ్డము, మఱుగు అను అర్థములు కలవు. తెలుగున నది యవమానచ్ఛాయను కూడ కొంత సంపాదించుకొనినది. 'టర్న్ డౌన్' నకు ఆ బరువు లేదు. అది యింటిలోను వీధిలోను మెలగు మాట. మిత్రుడు భోజనమునకు పిలిచెను, మన కథానాయకుడు దానిని 'టర్న్ డౌన్' చేసెను అనుకొందము. 'ఆహ్వానమును తిరస్కరించెను' అని వ్రాసినచో వారిద్దఱకును నిన్ననే తగవు జరిగినట్లుండును. 'భోజనమునకు పిలిచినను రాలేనని చెప్పెను' అనుట తెలుగు. ఇచట ఆంగ్ల వాక్యములోని కర్మ తెలుగున కర్మగా నిలువక యొక చిన్న యుపవాక్యముగా మాఱినది. ఇట్టి మార్పునకు అనువాదకుడు భయపడరాదు.

పెండ్లి మాటలలో నీ క్రియ వచ్చినప్పుడు మన భాషలోనే యొక చక్కని పలుకుబడి సిద్ధముగా నున్నది. వచ్చిన సంబంధములన్నిటిని 'తిరుగగొట్టుచున్నాడు' అందుము. 'తిరుగు' అను ధాతువు ఇచట నుండుట, ఆంగ్లమున 'టర్న్' ఉండుట కేవలము కాకతాళీయము. కాని ఆ బలమును చూడుడు: 'సంబంధములను నిరాకరించుచున్నాడు' అను వాక్యమున కచేరి వాసన యున్నది, 'తిరుగగొట్టుచున్నాడు' అను వాక్యమున పెండ్లికొడుకు తల్లి నిట్టూర్పు వినబడుచున్నది. కచేరి ప్రసక్తి వచ్చినది గనుక నింకొక మాట. న్యాయస్థానము అర్జీని త్రోసివేసినప్పుడు మనము 'కొట్టివేసినది' అందుము. దీనిని ముక్కలు విఱిచి ఆంగ్లము చేయు పరదేశీయుడు న్యాయాధిపతి అర్జీని చేతితో కొట్టి దూరముగా విసరెనని వ్రాయును. ఆంగ్ల పదబంధక్రియయెడల మనవారు చేయునది సరిగా నిదియే. తరగతిలో నీ తలక్రిందుల యుదాహరణమును ముందుగా చూపినచో విద్యార్థులకు విషయము వెంటనే పట్టువడుట మేము గమనించితిమి.

'పుట్ అప్ విత్' ఇంతకంటె చిక్కైనది. దీనిని ముక్కలు చేసినవానికి 'పైకి', 'పెట్టు', 'తో' అను మూడు మిగులును; ఈ మూటితో నేమి చేయవలెనో తెలియక 'అతనితో పైకి పెట్టుకొనెను' అనునట్టి వాక్యము వ్రాయును. నిఘంటువు చూచినవాడు 'సహించు' అని వ్రాయును. అది తప్పు కాదు. కాని ఆంగ్లమున నీ క్రియ నిలుచు చోటులను పరికించినచో తఱచుగా వ్యతిరేకార్థమున, లేదా శక్తినిగూర్చి చెప్పు వాక్యమున కనబడుచున్నది: నేను దీనిని 'పుట్ అప్ విత్' చేయను, చేయజాలను, ఎట్లు చేయుచున్నావు అనునవి దాని సహజ నివాసములు. ఆంగ్లమున 'చేయను', 'చేయజాలను' అను రెండింటికిని మనకు రెండు వేఱు దారులు కలవు. కోపముతో 'ఐ వోంట్ పుట్ అప్ విత్ దిస్' అనువానిచేత 'నేను దీనిని సహింపను' అనిపించుట వ్యాకరణమునకు సరిపోవును. కాని తెలుగు తండ్రి కొడుకుతో నట్లనడు. 'ఇట్లయినచో నేను ఊరకుండను' అనును. ఓర్పునుగూర్చిన మాటయే యిచట లేదు; అర్థము మాత్రము పూర్తిగా నున్నది.

శక్తిలేమిని చెప్పునప్పుడు 'పడు' ధాతువు మనల నాదుకొనును. 'వానితో పడలేకున్నాను', 'అత్తగారి సాధింపులు పడలేక పుట్టింటికి పోయినది', 'నలుగురిచేత మాటలు పడితిని' అను వాక్యములన్నియు నీ యాంగ్లక్రియకు సమములే. పడ్డవారు చెడ్డవారు కారను సామెతలోని 'పడుట' యిదియే. క్రింద పడుటకును, మాట పడుటకును సంబంధమేమని యడిగినచో మనమును తడుముకొందుము. 'పైకి' అను మాటతో ఆంగ్లేయుడు చెప్పిన యోర్పును 'పడు' అను మాటతో తెలుగువాడు చెప్పుచున్నాడు. ఇంతకంటె స్పష్టముగా, దిక్కును అనువదింపరాదను నియమమునకు నిదర్శన ముండదు.

విభక్తి విషయమున నొక హెచ్చరిక యవసరము. 'విత్' ఉన్నది గదా యని 'తో' వాడుట పొరపాటు. 'సహించు', 'ఓర్చుకొను', 'భరించు' అనునవి ద్వితీయను కోరును: బాధను సహించెను, వాని కోపమును ఓర్చుకొనెను. 'సరిపెట్టుకొను', 'సర్దుకొనిపోవు' అనునవి 'తో' ను కోరును: ఉన్నదానితో సరిపెట్టుకొనిరి. పైని చెప్పిన 'పడలేకుండు' అనుదానిలో మనుష్యుడు కర్మయైనప్పుడు 'తో' వచ్చును, సాధింపులు కర్మయైనప్పుడు రాదు. విభక్తిని నిర్ణయించునది తెలుగు క్రియయే గాని ఆంగ్లపు చిన్న మాట కాదు. 'ఓర్చుకొను' నకును 'సరిపెట్టుకొను' నకును అర్థభేదము కూడ కలదు. మొదటిదానిలో బాధ యున్నది. రెండవదానిలో కొఱత యున్నది. ప్రయాణికుడు సత్రములో నల్లులను 'పుట్ అప్ విత్' చేసినచో ఓర్చుకొనెననవలెను. మంచము లేక చాపను 'పుట్ అప్ విత్' చేసినచో చాపతో సరిపెట్టుకొనెననవలెను.

ఇప్పుడొక వాక్యమును పూర్తిగా విమర్శింతము. 'హి పుట్ అప్ విత్ హిజ్ అంకుల్ ఫర్ టూ ఇయర్స్' అని యున్నదనుకొందము. దీనికి రెండర్థములు కలవు. మామను రెండేండ్లు ఓర్చుకొనెననుట యొకటి. మామ యింట రెండేండ్లు బస చేసెననుట మఱియొకటి. 'పుట్ అప్' అను రెండు పదముల క్రియకు బస చేయుట, దిగుట యని అర్థము కలదు. దానికి ఆవల 'విత్' విభక్తి స్థానీయముగా వచ్చి చేరినప్పుడు, మూడు పదముల క్రియతో నది రూపమున నేకమగుచున్నది. భారతీయుల యాంగ్లమున ఈ బస యర్థము మిక్కిలి వాడుకలో నున్నందున, మనవారి రచనలను తెలుగు చేయునప్పుడు దీనిని మొదట శంకింపవలెను. ఎట్లు తేల్చుకొనవలెను? వాక్యము 'ఎక్కడ' అను ప్రశ్నకు బదులు చెప్పుచున్నచో బస. 'దేనిని, ఎవరిని' అను ప్రశ్నకు బదులు చెప్పుచున్నచో ఓర్పు. ముందు వాక్యమున పట్టణము, కళాశాల, చదువు ప్రస్తావింపబడినచో మొదటిది. ముక్కోపము, పిసినితనము ప్రస్తావింపబడినచో రెండవది. రెండును కలిసియున్న కథలును లేకపోలేదు. రచయిత బుద్ధిపూర్వకముగా శ్లేషించి యుండవచ్చును. అప్పుడు 'రెండేండ్లు మామ పంచను పడియుండెను' అనునది రెండర్థములను కొంతవఱకు మోయగలదు. ఆ మామ మేనమామయో, పినతండ్రియో, పెదతండ్రియో 'అంకుల్' అను మాట చెప్పదు. అది వేఱొక వ్యాసమునకు తగిన కష్టము.

దిక్కు మాటలు దిక్కును చెప్పవనుటకు ఇంకను వింతయైన సాక్ష్యము 'అప్', 'డౌన్' అనునవే యిచ్చుచున్నవి. ఆంగ్లమున కాగితములు 'బర్న్ అప్' అగును, ఇల్లు 'బర్న్ డౌన్' అగును. ఒకటి పైకి, ఒకటి క్రిందికి. ఫలితము రెండింటికిని బూడిదయే. తెలుగున రెండును 'కాలిపోవుట'. ఇచట అవ్యయము చేయు పని క్రియ ముగిసినదని తెలుపుట. ఆ పనిని మనభాషలో 'పోవు', 'వేయు' అను సహాయక్రియలు చేయుచున్నవి: 'ఈట్ అప్' తినివేయుట, 'డ్రై అప్' ఎండిపోవుట. సామాన్యముగా అకర్మకమునకు 'పోవు', సకర్మకమునకు 'వేయు' చేరును. చెఱువు ఎండిపోయెను, కాగితములు కాల్చివేసెను. కనుక పదబంధక్రియ యెదురైనప్పుడు అవ్యయము దిక్కును చెప్పుచున్నదా, పూర్తిని చెప్పుచున్నదా, లేక క్రియతో కలిసి క్రొత్త యర్థమునే పుట్టించుచున్నదా యని చూడవలెను. పూర్తిని చెప్పుచున్నచో విడిగా మాట వెదకనక్కఱలేదు, సహాయక్రియ చాలును. దీపము 'గో అవుట్' అయినదన్నప్పుడు 'ఆఱిపోయినది' అనుట దీనికి చక్కని యుదాహరణము. దేవుని యెదుటి దీపమైనచో 'కొండెక్కినది' అందుము. ఆంగ్లేయుని దీపము బయటికి పోవును, మన దీపము కొండ యెక్కును. రెండింటిలో నేదియు కదలదు.

పత్రికల తెలుగును పరిశీలించినచో ఈ విషయమున మనవారు సాధించినదియు తక్కువ కాదు. వార్తలు ఆంగ్లమున వచ్చి తెలుగున వెలువడవలసిన తొందరలో పలుకుబడులు కొన్ని కుదిరి నిలిచినవి. 'కాల్ ఆఫ్' అను క్రియకు 'పిలిచివేయుట' అని యే పత్రికయు వ్రాయుట లేదు. సమ్మెయైనచో 'విరమించిరి', సభయైనచో 'రద్దు చేసిరి', గాలింపైనచో 'నిలిపివేసిరి' అని కర్మానుగుణముగా మాట మాఱుచున్నది. ఐనను ఇచట కర్తను కూడ చూడవలసియున్నది. సమ్మెను విరమించువారు సమ్మె చేయువారే. సంఘనాయకులు సమ్మెను 'కాల్ ఆఫ్' చేసిరనుటకు 'విరమింపజేసిరి' అనుట యొకప్పుడు సరియగును, వారును సమ్మెలో నున్నచో 'విరమించిరి' అనుటయే సరియగును. యజమానులు సమ్మెను విరమించిరని వ్రాసినచో వాక్యము తెలుగేగాని వార్త యబద్ధము.

తర్జుమా మాటలన్నియు త్యాజ్యములా యని కొందఱడుగుదురు. మా యభిప్రాయము కాదనియే. 'ముందుకు వచ్చు' అను పలుకుబడి, సాహాయ్యము చేయుటకు పూనుకొనుట యను అర్థమున, నేడు ఎవరికిని పరాయిదిగా తోచుట లేదు. అది నిలుచుటకు కారణము, మన భాషలోనే ముందు, వెనుక అనువానికి పూనిక, జంకు అను ఛాయలు లోగడనుండి యుండుటయే. 'వెనుకాడు', 'వెనుదీయు' అను మాటలు దీనికి సాక్షులు. 'లుక్ డౌన్ ఆన్' అనుదానికి 'చిన్నచూపు చూచు' అను పలుకుబడి మనకున్నది. చూపు రెండు భాషలందును కలదు, కాని క్రిందికి అనుటకు బదులు మనము చిన్నతనమును చెప్పుచున్నాము. దీని ప్రతియోగియైన 'లుక్ అప్ టు' అనుదానిని 'పైకి చూచు' అని వ్రాసినచో మాత్రము చదువరి మేఘములను వెదకును. అచట 'గౌరవించు' అనియో, 'పెద్దగా నెంచు' అనియో చెప్పవలసియున్నది. ఒక జంటలో నొకటి కుదిరినంత మాత్రమున రెండవది కుదురునని యనుకొనరాదు.

నిఘంటువుల విషయమున మాకు గల యసంతృప్తిని కూడ తెలుపుచున్నాము. ఆంగ్లాంధ్ర నిఘంటువులలో పదబంధక్రియలు మూలక్రియ క్రింద, ఆరోపము చివర, సమానార్థకములు మాత్రము వరుసగా పేర్చి చూపబడుట తఱచు. 'టర్న్ డౌన్ - తిరస్కరించు, త్రోసిపుచ్చు, తగ్గించు, మడుచు' అని చదివిన విద్యార్థికి ఏది యెచట వాడవలెనో తెలియదు. వాడు మొదటిదానినే పట్టుకొనును. పదబంధక్రియకు స్వతంత్రమైన యారోపము నిచ్చి, ప్రతి తెలుగు మాటకు ముందు దానికి తగిన కర్మను చూపవలెను: దీపమును - తగ్గించు, పుట మూలను - మడుచు, అర్జీని - త్రోసిపుచ్చు, పిలుపును - రాననుట, సంబంధమును - తిరుగగొట్టు. 'పుట్ అప్ విత్' కింద బాధను - ఓర్చుకొను, కొఱతతో - సరిపెట్టుకొను, మనుష్యునితో వ్యతిరేకమున - పడలేకుండు అని విభక్తితో సహా యుండవలెను. పక్కనే 'పుట్ అప్' అను బస యర్థముగల క్రియను వేఱు ఆరోపముగా నిలిపి, రెండింటి నడుమ పరస్పర సూచన చేయవలెను. ఒక్కొక్క యారోపమునకు నాలుగైదు పంక్తులు పట్టును. మూలక్రియలలో 'పుట్', 'టర్న్', 'కాల్', 'లుక్', 'టేక్', 'గివ్', 'బ్రేక్', 'బ్రింగ్', 'గెట్', 'గో', 'కమ్', 'సెట్' అను పండ్రెండింటిని తీసికొని యిట్లు కూర్చుట యొక పరిశోధక విద్యార్థి రెండేండ్ల శ్రమకు మించదని మా యంచనా.